వెనుకకు నడిచి కప్పినవారు



మా అవ్వ గురించి రాయమని మీలో కొందరు చాలా రోజులుగా అడుగుతున్నారు. మన ఎంకపల్లి సంఘంలోనే ఇంకో రెండు ఇళ్ళలో ఇలాంటి పెద్దలు ఉన్నారు. పట్నంలో పనులు చేసుకునే వారి పిల్లలు ఫోన్ చేసి, "అయ్యగారూ, మీరు ఎట్ల చూసుకుంటున్నరు?" అని అడుగుతారు. అడిగిన ప్రతిసారీ రాస్తామని చెప్పి రాయలేదు. మేము ఒకసారి చేసిన తప్పు దానికి కారణం. మొదట అది చెప్పుకోవాలి.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం ప్రసంగంలో మెలకువగా ఉండుట గురించి చెబుతూ, ఉదాహరణకు మా అవ్వ సంగతి ఎత్తుకున్నాం. ఆమె అర్ధరాత్రి లేచి ఖాళీ గంప నెత్తిన పెట్టుకొని బస్సు కోసం రోడ్డు మీదికి పోయింది. పాతికేళ్ళ కిందటి అలవాటు అది. కొత్తిమీర, పాలకూర కట్టలు గంపకెత్తుకొని మొయినాబాద్ మీదుగా మెహిదీపట్నం రైతుబజారుకు పోయేది. ఆ రాత్రి ఆమె నడక, మేము చెప్పుల్లేకుండా వెనుక పరుగెత్తడం, అంతా నవ్వు వచ్చేలా చెప్పాం. సంఘమంతా నవ్వింది. ముందు వరుసలో చాప మీద కూర్చున్న అవ్వ కూడా నవ్వుతున్నవారిని చూసి నవ్వింది. కాసేపటికి కొంగు మొహం మీదికి లాక్కుంది. ఆరాధన అయ్యేదాకా తీయలేదు.

తమ గురించే మాట్లాడుతున్నారని వీరికి తెలియదనుకుంటాం. మాట అందకపోయినా మొహాలు అందుతాయి.

ఆ సాయంత్రం ఆదికాండము తొమ్మిదో అధ్యాయం తెరిచి కూర్చున్నాం. నోవహు గుడారంలో ఒళ్ళు తెలియక వస్త్రహీనుడై పడి ఉన్నాడు. హాము చూశాడు. చూసి ఊరుకోక, బయట ఉన్న తన ఇద్దరు సహోదరులకు తెలియజేశాడు. షేము, యాపెతు బట్టను భుజాల మీద వేసుకొని, ముఖం తిప్పుకొని, వెనుకకు నడిచి వెళ్ళి తండ్రిని కప్పారు. మనం ఈ భాగాన్ని ఎక్కువగా తాగుడు గురించి చెప్పడానికి వాడుకుంటాం. మాకు మాత్రం ఆ రోజు బయటికి వచ్చి చెప్పినవాడే కనబడ్డాడు. మేము చెప్పింది మైకులో.

అందుకే ఇది రాసే ముందు అవ్వనే అడిగాం. పొద్దున్నే, చాయ్ తాగినాక, ఆమె మనసు కాస్త తేటగా ఉండే సమయం చూసి అడిగాం. "అవ్వా, నీ గురించి రాస్తం, నలుగురికి పనికొస్తది. రాయాల్నా?" ఆమె చాలాసేపు చూసింది. "బజారు సంగతి రాయి బిడ్డా. లోపలి సంగతులు రాయకు" అన్నది. గంట తర్వాత ఆ మాట ఆమెకు గుర్తు లేదు. ఆమెకు గుర్తు లేనంత మాత్రాన ఆ మాట రద్దయిపోదు గదా. కాబట్టి ఆమెకు జరిగిన కొన్ని సంగతులు ఇందులో ఉండవు. అవసరమైన చోట ఏ ఇంట్లోనైనా చేయవలసిన విధంగా చెబుతాం తప్ప, ఆమెకు ఏ రోజు ఏమైందో చెప్పం.

బజారు సంగతి అయితే దండిగా రాయవచ్చు. ఆమె బడికి పోలేదు. అయినా తెలుగులో బేరమాడి, పట్నం సాయిబులతో ఉర్దూలో లెక్క తేల్చేది. ఇప్పటికీ ఇరవై దాకా ఉర్దూలోనే లెక్కపెడుతుంది. మా పేరు తప్పినా లెక్క తప్పదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి వైద్యులు 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో ఈ జబ్బు, ఒకే భాష వారికంటే సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడిందట. చదువు రానివారిలోనూ ఆ తేడా కనబడిందట. అది విన్నప్పుడు ఆ కొత్తిమీర గంప మాకు ఇంకో విధంగా కనబడింది.

మొదట్లో మేమూ దీన్ని ముసలితనం అనుకున్నాం. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోవడం మనందరికీ ఉంటుంది. ఆమె తాళంచెవిని చేతిలో పట్టుకొని అది దేనికని అడిగింది. నలభై ఏళ్ళు చేసిన పప్పులో ముందు ఏది వేయాలో తెలియక పొయ్యి ముందు నిలబడింది. ఊళ్ళో కొందరు గాలి సోకిందన్నారు. మేము కూడా, ఒప్పుకోవాలి, తలకు నూనె రాసి గట్టిగా గద్దించి ప్రార్థన చేశాం. నలుగురు చుట్టూ నిలబడి కేకలు వేస్తే ఆమె వణికిపోయి మూలకు జరిగింది. ప్రార్థన ఇప్పుడూ చేస్తాం. పక్కన కూర్చొని, చెయ్యి పట్టుకొని, మెల్లగా చేస్తాం.

తర్వాత నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. తల స్కాన్, థైరాయిడ్, బి12 విటమిన్ పరీక్షలు చేయించారు. ఈ రెండూ తగ్గినా మతిమరుపు రావచ్చు, వాటికి మందు ఉంది, అందుకే ముందు అవి చూస్తారు. మా అవ్వకు బి12 తక్కువగా ఉంది. సూదులు వేయించాక నడకలో బలం వచ్చింది, జ్ఞాపకం మాత్రం రాలేదు. అల్జీమర్స్ అన్నారు. నయం కాదు, మెల్లగా పెరుగుతుంది, గోలీలతో కొంత నిదానించవచ్చు అన్నారు. పరీక్ష చేయించకుండా "వయసు మీదపడ్డది" అని వదిలేసిన ఇళ్ళు మనకు తెలుసు, అందుకే ఈ ముక్క రాశాం.

అన్నిటికంటే మమ్మల్ని కష్టపెట్టింది సాయంత్రపు ప్రశ్న. పొద్దు వాలితే ఆమెకు గాబరా మొదలవుతుంది. ఈ జబ్బులో చాలామందికి అంతే. నీడలు పెరుగుతాయి, రోజంతటి అలసట ఉంటుంది, వెలుతురు తగ్గేకొద్దీ తెలిసిన ఇల్లు తెలియని ఇల్లవుతుంది. అప్పుడు గడపలో నిలబడి అడుగుతుంది: "మీ తాత ఇంకా రాలే?"

తాత ప్రభువు సన్నిధికి పోయి పదేళ్ళు దాటింది.

మేము పాస్టర్లం. అబద్ధమాడకూడదని పది ఆజ్ఞలు పిల్లలకు నేర్పేవాళ్ళం. అందుకే నిజం చెప్పాం. "తాత చనిపోయిండు అవ్వా. నువ్వు మరిచిపోయినవ్." ఆమె గుండె బాదుకొని ఏడ్చింది. ఆ ఏడుపు పదేళ్ళ కిందటిది కాదు, ఆ నిమిషపు ఏడుపు. అప్పుడే విన్నట్టు, అప్పుడే విధవరాలైనట్టు. అరగంటకు కన్నీళ్ళు ఆరాయి, విన్న మాట పోయింది. మళ్ళీ గడపలోకి వచ్చి అడిగింది. ఒక్క సాయంత్రం నాలుగుసార్లు నిజం చెప్పాం. నాలుగుసార్లు ఆమె భర్త చనిపోయాడు.

కొత్తగా విన్న సంగతిని దాచిపెట్టే మెదడు భాగమే ఈ జబ్బులో ముందుగా చెడుతుంది. మాట నిలవదు. ఆ మాట వల్ల కలిగిన దుఃఖం మాత్రం నిలుస్తుంది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వారు అల్జీమర్స్ ఉన్నవారికి విషాదమైన సినిమా ముక్కలు చూపించి, ఆ తర్వాత అడిగి చూశారు. 2014లో ప్రచురించిన దాని ప్రకారం, చూసిన సంగతే చాలావరకు మరిచిపోయినవారిలో కూడా ఆ దిగులు అలాగే ఉంది. మా అవ్వ నాలుగుసార్లు ఏడ్చిన ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఎందుకు ఏడ్చిందో ఆమెకు తెలియదు. గుండెలో బరువు మాత్రం తెలుసు.

దానికి భయపడి అటు పక్కకు మళ్ళాం. "వస్తడు అవ్వా, పొలం కాడ ఉన్నడు" అన్నాం. అదీ పని చేయలేదు. ఆమె నమ్మింది, నమ్మింది కాబట్టి గడపలోనే కూర్చుంది. ఆయన రాకముందు తాను తినదు, అది ఆమె అరవై ఏళ్ళ నియమం. రాత్రి తొమ్మిదైనా లేవలేదు. మాకు మనసులో గుచ్చుకుంది కూడా. ఆమెను శాంతపరచడానికి ఆడిన మాట, నిజానికి మమ్మల్ని మేము శాంతపరచుకోవడానికి ఆడింది.

దారి చూపింది మా ఇంటావిడ. ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఒక సాయంత్రం అవ్వ అదే ప్రశ్న అడిగితే, జవాబు చెప్పకుండా పక్కన కూర్చొని, "తాత యాదికొస్తున్నడా అవ్వా?" అన్నది.

"ఔ బిడ్డా. ఆకలైతది ఆయనకు."

"ఏం తింటడు తాత?"

"జొన్నరొట్టె. చింతచిగురు పప్పు. కారం ఎక్కువుండాలె."

ఆ తర్వాత పది నిమిషాలు రొట్టె సంగతే. పిండిలో వేడినీళ్ళు ఎన్ని పోయాలి, చేత్తో కొట్టేటప్పుడు అంచు పగలకుండా ఎట్ల తిప్పాలి, అంతా చెప్పింది. పప్పు వండే వరుస పోయింది గాని, రొట్టె కొట్టడం చేతుల్లో ఇంకా ఉంది. చేతులు నేర్చుకున్నది ఆఖరున పోతుందట. పిండి ముద్ద చేతికిస్తే రెండు రొట్టెలు కొట్టింది. ఒకటి తానే తిన్నది. తాత వచ్చాడా అని ఆ పూట మళ్ళీ అడగలేదు.

అందులో ఒక్క అబద్ధం లేదని గమనించండి. ఆమె అడిగిన ప్రశ్న అడుగున ఇంకో ప్రశ్న ఉంది. ఆయన తిన్నాడా, ఆయన క్షేమమేనా, నేను ఒంటరిగా ఉన్నానా? దానికే జవాబు దొరికింది. ప్రతి రోజూ ఇలా కుదురుతుందని చెప్పం. కొన్ని సాయంత్రాలు ఏమన్నా ఆగదు. అప్పుడు చెయ్యి పట్టుకొని చర్చి దాకా నడిపించి తీసుకొస్తాం, ఇంట్లోకి రాకముందే లైట్లన్నీ వేయిస్తాం. ఒక్కోసారి ఆమె సూటిగా కళ్ళలోకి చూసి, "నిజం చెప్పు, ఉన్నడా పోయిండా?" అని అడుగుతుంది. అలా అడిగినప్పుడు నిజమే చెబుతాం, పక్కనే కూర్చొని. అది తెలుసుకోవాలని అడిగిన మనిషికి చెప్పే మాట. దానికీ, గాబరాలో ఉన్న మనిషి మీద విసిరే నిజానికీ తేడా ఉంది. ఆ తేడా తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది.

ఇక స్నానం. ఇది అవ్వ వద్దన్న "లోపలి సంగతి" గనుక ఏ ఇంటికైనా వర్తించేట్టు చెబుతాం.

స్నానానికి పిలిస్తే కొట్టవచ్చారని, తిట్టారని చెప్పేవారు చాలామంది. ఒకసారి వారి వైపు నుండి చూడండి. ఎవరో గుర్తుపట్టలేని మనిషి వచ్చి, బట్టలు విప్పమని, చల్లటి గదిలో నిలబెట్టి, నెత్తిన చెంబుతో నీళ్ళు గుమ్మరిస్తే ఎవరైనా కొట్టరా? దాన్ని మొండితనం అంటాం. సిగ్గు అనేది ఈ జబ్బులో చాలా కాలం మిగిలే ఉంటుంది.

మన ఊళ్ళో ఆడవాళ్ళు పూర్వం నుండి బావి దగ్గర, వాగు దగ్గర లంగా రొమ్ముల పైకి కట్టుకొని స్నానం చేసినవారే. దాన్నే ఉంచండి. బట్ట విప్పనవసరం లేదు. అది తడుస్తుంది, తర్వాత పొడి బట్ట పైన చుట్టి, లోపలిది కిందికి జార్చవచ్చు. ఒక్క క్షణం కూడా ఒళ్ళు బయటపడదు. స్త్రీకి స్త్రీయే చేయించాలి. కూర్చోవడానికి కదలని పీట గానీ కుర్చీ గానీ వేయాలి. నీళ్ళు మన మణికట్టు మీద పోసుకొని చూసి, ముందు ఆమె చేతి మీద పోసి, "వేడి సరిపోయిందా అవ్వా?" అని అడగాలి. పాదాల నుండి మొదలుపెట్టి పైకి రావాలి, తల ఆఖరున, లేకపోతే ఇంకో రోజు. చెంబు ఆమె చేతికే ఇవ్వాలి. సగం ఒలకబోసినా సరే, స్నానం తాను చేసినట్టు ఉంటుంది, తనకు ఎవరో చేసినట్టు ఉండదు. ఆ రోజు వద్దంటే వదిలేయండి. తడిగుడ్డతో తుడిచిన రోజు కూడా స్నానం చేసిన రోజే.

బట్ట తడిసినప్పుడు కూడా అంతే. పదిమందిలో "పాడు చేసుకున్నవా" అనకూడదు. "చీర మార్చుకుందం పా అవ్వా, ఇది మాసింది" అంటే చాలు. రెండు గంటలకోసారి అడగకుండానే లేపి అటు నడిపిస్తే, రాత్రి ఆ గదిలో లైటు వేసి తలుపు తెరిచి ఉంచితే, సగం కష్టం తగ్గుతుంది. ఎక్కువసార్లు ఆ గది కనబడకే అలా జరుగుతుంది.

ఈ బట్ట మార్చడాల మధ్యే ఒక సంగతి నేర్చుకున్నాం. మీరు తప్పక తెలుసుకోవలసింది ఇది. పోయిన వేసవిలో రెండు రోజుల్లోనే అవ్వ పూర్తిగా మారిపోయింది. పగలంతా మత్తుగా పడుకుంది, రాత్రి గోడ మీద మనుషులున్నారని చూపించింది, పొద్దున మాట్లాడిన మాటకు మధ్యాహ్నం మాటకు పొంతన లేదు. జబ్బు ముదిరిందనుకున్నాం. దగ్గరి బంధువులకు కబురు కూడా పెట్టాం. అది మూత్రంలో ఇన్ఫెక్షన్. ముసలివారిలో ఒక్కోసారి జ్వరం రాదు, మంట అని చెప్పుకోలేరు, మతి మాత్రం చెదురుతుంది. ఎండలకు నీళ్ళు తక్కువ తాగడం వల్ల కూడా అయి ఉండవచ్చు, దాహం వేస్తుందని ఆమె అడగదు. డాక్టరు మందు రాశాక వారానికి తిరిగి మునుపటి అవ్వ అయింది.

గుర్తు ఏమిటంటే, అల్జీమర్స్ నెలల మీద, ఏళ్ళ మీద దిగుతుంది. గంటల్లో, రెండు మూడు రోజుల్లో మనిషి తారుమారైతే అది వేరే జబ్బు వచ్చి చేరినట్టు. ఇన్ఫెక్షన్ కావచ్చు, నీళ్ళు తగ్గడం, మలబద్ధకం, పడి తలకు దెబ్బ తగలడం, కొత్తగా వేసుకున్న గోలీ కూడా కావచ్చు. జలుబుకని మందుల షాపులో అడిగి తెచ్చే మత్తు గోలీలు వీరికి పడవు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మంచం మీద ఆఖరి ప్రార్థనకు మమ్మల్ని పిలవకముందు ఒకసారి మూత్రం పరీక్ష చేయించండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాం.

ఈ మధ్య "ఇంటికి పోత" అనే మాట ఎక్కువైంది. ఉన్నది ఆమె ఇంట్లోనే. ఏ ఇల్లని అడిగితే ఒకసారి పుట్టిల్లు, ఒకసారి తాతతో కలిసి కట్టుకున్న మట్టి గోడల ఇల్లు. రెండూ ఇప్పుడు లేవు. రెండో సమూయేలు 19లో ఎనభై ఏళ్ళ బర్జిల్లయి గుర్తొస్తాడు. రాజు తనతో యెరూషలేముకు రమ్మన్నా, తినేదాని రుచి కూడా తెలియని వాడినని, తల్లిదండ్రుల సమాధి ఉన్న ఊరికి తిరిగి పోనిమ్మని అడుగుతాడు. దావీదు ఆయనతో వాదించలేదు. ముద్దు పెట్టుకొని, దీవించి, సాగనంపాడు. మేము అవ్వను ఆ ఇంటికి పంపలేం. "ఆ ఇంట్ల ఏముండే అవ్వా?" అని అడుగుతాం. వాకిట్లో వేపచెట్టు ఉండేదట. మాకు తెలియదు, ఈ జబ్బు వచ్చాకే తెలిసింది.

మాకూ ఓపిక పోయిన రోజులు ఉన్నాయి. కసిరిన రోజులు ఉన్నాయి. అవి కూడా రాయడం లేదు, ఆమె సంగతులు వాటిలో కలిసి ఉన్నాయి గనుక. ప్రభువు దగ్గర ఒప్పుకున్నాం. పాపం ఒప్పుకునే పేరుతో కూడా ఇంకొకరి కొంగు లాగవచ్చని ఇది రాస్తుంటే తెలిసింది.

ఇంకొక్క మనవి, ఆదివారం వచ్చేవారికి. అవ్వ దగ్గరికి వచ్చి "నన్ను గుర్తుపట్టినవా? నేనెవరు చెప్పు?" అని అడగకండి. ప్రేమతోనే అడుగుతారని తెలుసు. ఆమెకు మాత్రం అది అందరి ముందు పెట్టిన పరీక్ష. తప్పినప్పుడల్లా ఆమె కొంగు సర్దుకోవడం మేము చూస్తున్నాం. ఎదురుగా వచ్చి, ఆమె కళ్ళ ఎత్తుకు కూర్చొని, మీ పేరు మీరే చెప్పండి. "అవ్వా, వందనాలు. నేను ఫలానా వాళ్ళ కోడల్ని, మీ పక్కింట్ల ఉంటుంటిమి." చెప్పాక కొంచెం ఆగండి, జవాబు రావడానికి సమయం పడుతుంది. మమ్మల్ని కూడా ఆమె మనవడిగా గుర్తుపట్టదు. "అయ్యగారూ" అని పిలిచి, చేతులు జోడిస్తుంది. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు "వందనాలు అవ్వా, నేను నీ మనవణ్ణి" అని ప్రతి పొద్దున చెబుతాం. కొన్ని పొద్దులు, "ఔనా, మంచిగున్నవా బిడ్డా" అంటుంది.

ఆరాధన అయ్యాక ఆమెను గంట స్తంభం దగ్గర నీడలో కూర్చోబెడతాం. ఎవరి పొలంలోనైనా కొత్తిమీర ఉంటే ఒక పిడికెడు, కట్టడానికి కొంచెం నార తీసుకురండి. కట్టలు కట్టిస్తాం. ఉర్దూలో లెక్కపెట్టి ఇస్తుంది. బేరమాడండి, డబ్బులు ఆమె చేతికే ఇవ్వండి.